ఫైవ్ స్టార్ల తక్కెడ కింద అంటించిన చింతపండు



సెమిస్టర్ మొదలైన కాన్నుంచి గ్రూప్‌లో ఒకటే ప్రశ్న తిరుగుతోంది: "ఉప్పల్ దిక్కు సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఎక్కడ కొనాలె?" కింద జవాబు కూడా ఒకటే: ఒక షాపు రేటింగ్ స్క్రీన్‌షాట్, పక్కన "4.7 ఉంది, కండ్లు మూసుకుని పో" అని ఒక మాట. ఈ "కండ్లు మూసుకుని" దగ్గరే మా గొడవ. స్కాలర్‌షిప్ పడ్డాక, ఇంటి దగ్గర పత్తి అమ్మినాక, చిట్టీ ఎత్తినాక కొనే వస్తువు ఇది. ఒక్కసారే కొంటం. రెండోసారి కొనే స్తోమత మనలో ఎంతమందికి ఉంది?

గ్రూప్‌లో మూడు రకాల వాదనలు నడుస్తున్నయి. ఒకటి, రేటింగ్ ఎక్కువ ఉంటే చాలు, ఇంకేం చూడనక్కర్లేదు. రెండు, రివ్యూలన్నీ ఫేకే, చదవడమే దండగ. మూడు, ఇది అందరికంటే గట్టిగా వినిపిస్తున్నది: "ఒక ఫైవ్ స్టార్ కొడితే యాభై రూపాయలు ఇస్తున్నరు, రాస్తే తప్పేంది, ఎవరి సొమ్ము పోయింది?" ఈ మూడూ తప్పే అని మా వాదన. మూడోది తప్పు మాత్రమే కాదు, మనకు మనమే చేసుకునే ద్రోహం.

మొదటి వాదన సంగతి చూద్దాం. పోయిన నెల మా హాస్టల్ నలుగురం కూర్చొని, డిగ్రీ సెకండియర్ తమ్ముడి కోసం గూగుల్ మ్యాప్స్‌లో రెండు షాపుల రివ్యూలు మొత్తం చదివినం. పేర్లు రాయడం లేదు. మాకు షాపుల మీద పగ లేదు, పద్ధతి చెప్పడమే ముఖ్యం. ఒకటి ఉప్పల్ రింగ్ రోడ్డు వైపు షాపు: 240 రివ్యూలు, రేటింగ్ 4.7. ఇంకొకటి నాచారం లోపల చిన్న షాపు: 87 రివ్యూలు, రేటింగ్ 4.2. స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లు ఎవరైనా మొదటిదే పెడతరు.

మ్యాప్స్‌లో షాపు తెరిస్తే రివ్యూలు ముందుగా "Most relevant" వరుసలో కనిపిస్తయి. అంటే గూగుల్ తనకు ముఖ్యం అనిపించినవి ముందు చూపిస్తుంది. మేము దాన్ని "Newest"కు మార్చి కిందికి దిగుకుంటూ పోయినం. గూగుల్ తేదీ ఇవ్వదు, "నెల కిందట", "నాలుగు నెలల కిందట" అని మాత్రమే చెప్తుంది. లెక్క పెట్టడానికి అది చాలు. ఉప్పల్ షాపులో నెలకు నాలుగో, ఆరో రివ్యూలు ఉన్నయి. కానీ "నాలుగు నెలల కిందట" దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు నొప్పి పుట్టేదాకా అదే మాట. లెక్కపెడితే ఆ ఒక్క నెలవే 150. అన్నీ ఫైవ్ స్టార్లే. ఆ తర్వాత నెల మళ్లీ నాలుగు.

ఒక షాపుకు ఒక్క నెలలో జనం ఎగబడటానికి నిజమైన కారణం కూడా ఉండొచ్చు. కొత్తగా తెరిచి ఉండొచ్చు, పెద్ద ఆఫర్ పెట్టి ఉండొచ్చు. కానీ అంతమంది వస్తే అందులో ఒకడైనా "లైన్‌లో గంట నిలబెట్టిన్రు" అని మూడు స్టార్లు ఇస్తడు. ఎగబడ్డ జనంలో ఒక్కరికి కూడా చిన్న కోపం రాకపోతే వాళ్లు జనం కాదు.

ఇప్పుడు చిన్న లెక్క. 240 రివ్యూలకు సగటు 4.7 అంటే మొత్తం స్టార్లు 1128. అందులోంచి ఆ 150 మందివి, అంటే 750 స్టార్లు తీసేస్తే 90 రివ్యూలకు 378 మిగుల్తయి. సగటు 4.2. అంటే నాచారం చిన్న షాపుతో సరిగ్గా సమానం! రెండు షాపుల మధ్య మనకు కనిపించిన తేడా అంతా ఆ ఒక్క నెలదే. రివ్యూకు యాభై రూపాయలు అనుకుంటే 150కి అయ్యే ఖర్చు ఏడున్నర వేలు. షాపాయన ఒక పాత లాప్‌టాప్ ధరలో సగం కూడా ఖర్చు పెట్టకుండా మన "కండ్లు మూసుకుని పో"ను కొనుక్కోవచ్చన్నమాట.

నెల సంగతి తెలిసినాక రాసినోళ్ల సంగతి చూసినం. రివ్యూ పైన పేరు నొక్కితే ఆ మనిషి ఇంకా ఎక్కడెక్కడ రాసిండో కనిపిస్తుంది, దాచిపెట్టుకుంటే తప్ప. ఆ 150లో ఇరవై మందిని నొక్కినం. కొందరికి జీవితంలో అదొక్కటే రివ్యూ. అది తప్పని మేము అనం. మన అవ్వయ్య ఫోన్‌లో కూడా మొదటి రివ్యూ ఏదో ఒకరోజు రాయాల్సిందే. కానీ మిగతా కొందరు అదే వారంలో సూరత్‌లో టైల్స్ షాపుకు, లక్నోలో జిమ్‌కు, నాసిక్‌లో పళ్ల డాక్టరుకు ఐదు ఐదు స్టార్లు ఇచ్చిన్రు. ఒక్క వారంలో మూడు రాష్ట్రాలు తిరిగి, నడుమ ఉప్పల్‌లో దిగి పాత లాప్‌టాప్ కొన్న మహానుభావులు!

వాళ్ల మాటలు కూడా చూడండి. "ఉప్పల్‌లో బెస్ట్ సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ షాప్, లో ప్రైస్, గుడ్ క్వాలిటీ." నిజంగా కొన్న మనిషి ఇట్ల మాట్లాడతడా? "డెల్ తీసుకున్న, కీబోర్డులో ఒక బటన్ గట్టిగున్నది, పదిహేడు వేలకు ఇచ్చిన్రు" అంటడు. వస్తువు పేరు, ధర, లోపం చెప్తడు. ఊరి పేరు, సరుకు పేరు కలిపి "బెస్ట్" అని రాసేది మన కోసం కాదు, సెర్చ్‌లో ఆ మాటలకు షాపు పైకి రావాలని.

ఇంకొక రకం ఉంది, దీన్ని పట్టుకోవడం కష్టం. మనిషి నిజం, కొన్నది నిజం, బిల్లు నిజం. కానీ కౌంటర్ దగ్గరే "తమ్ముడూ, ఫైవ్ స్టార్ కొట్టు, మౌస్ ఫ్రీ" అంటరు. మనవాడు అక్కడే కొడతడు. ఆ సమయానికి లాప్‌టాప్ గురించి వానికి తెలిసింది ఏంది? బ్యాగు రంగు తెలుసు, సేల్స్‌మన్ నవ్వు తెలుసు. అందుకే అట్లాంటి రివ్యూల్లో పనిచేసే అబ్బాయి పేరు ఉంటది, "చాలా ఓపికగా చూపించిన్రు" అని ఉంటది, లాప్‌టాప్ ఎట్ల నడుస్తుందో మాత్రం ఉండదు. ఇది అబద్ధం కాకపోవచ్చు. కానీ మనకు కావాల్సిన ప్రశ్నకు అది జవాబు కాదు. మన ప్రశ్న మూడు నెలల తర్వాత బ్యాటరీ ఏమైంది, వారంటీ అడిగితే షాపాయన మొహం ఎట్ల పెట్టిండు అన్నది.

ఆ జవాబు కోసం "Lowest"కు మార్చాలి. ఉప్పల్ షాపులో ఒక్క స్టార్ రివ్యూలు పదకొండు. రెండింటిలో ఒక్క మాట కూడా లేదు, ఒకటి పార్కింగ్ గురించి, ఒకటి ఫోన్ ఎత్తలేదని. వాటిని పక్కన పెట్టినం. ఎందుకంటే ఒక్క స్టార్లు కూడా అమ్ముడుపోతయి, పక్క షాపోడు వేయించొచ్చు. మిగిలిన ఏడూ వేర్వేరు నెలల్లో, వేర్వేరు మాటల్లో ఒకే సంగతి చెప్తున్నయి: రెండు నెలలకు బ్యాటరీ కూర్చుంది, తీసుకుపోతే "బ్యాటరీ, చార్జర్ వారంటీలో రావు" అన్నరు. ఒకరినొకరు ఎరగని ఏడుగురు, ఏడు వేర్వేరు నెలల్లో ఒకే గుంత చూపిస్తే ఆ గుంత ఉన్నట్టే. షాపు ఏడుగురికీ ఒకే జవాబు అతికించింది: "సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్, ప్లీజ్ కాంటాక్ట్ అస్."

నాచారం షాపులో 87 రివ్యూలు నాలుగేండ్ల పొడుగునా పరుచుకుని ఉన్నయి. నెలకు ఒకటో, రెండో, మూడో. ఫిర్యాదులు చాలా ఉన్నయి. ఓనర్ మాట కరుకు, బేరం ఆడనియ్యడు, చెప్పిన రోజుకు ఇయ్యడు. కానీ మోసం చేసిండన్న మాట వరుసగా లేదు. ఒకాయన రివ్యూ మీద "Edited" అని ఉంది. ముందు కోపంతో రాసిండట, తర్వాత హార్డ్ డిస్క్ మార్చి ఇచ్చినందుకు నాలుగు స్టార్లకు పెంచిండు. ఓనర్ జవాబులు కూడా అతికించినవి కావు. "బిల్లు తీసుకుని రండి, మదర్‌బోర్డ్ సంగతైతే మాదే బాధ్యత, నీళ్లు పడితే మాది కాదు" అని ఎవరి సంగతికి వారికి సమాధానం ఉంది. కరుకు మాట మనం పడొచ్చు. బ్యాటరీ లేని లాప్‌టాప్‌తో పరీక్ష రాయలేం.

ఇక్కడ రెండో వాదన చేసే అన్నలకు ఒక మాట. రివ్యూలన్నీ ఫేకే అయితే మాకు ఇదంతా ఎట్ల తెలిసింది? రివ్యూల నుంచే కదా! అబద్ధం సగటులో ఉంది, నిజం వివరంలో ఉంది. రేటింగ్ అంకె ఒక్కటే చూసేవాడికి ఎంత నష్టమో, అసలు ఏదీ చదవనివాడికి కూడా అంతే నష్టం. షాపోడికి ఇద్దరూ ఇష్టమే.

తక్కువ రివ్యూలు ఉన్న షాపుల గురించి కూడా ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. తొమ్మిది రివ్యూలకు 5.0 ఉన్న షాపు, 200 రివ్యూలకు 4.3 ఉన్న షాపు, ఏది నయం? రెండింటికీ చెరో రెండు ఒక్క స్టార్ రివ్యూలు పడ్డయనుకోండి. మొదటిది 4.27కు పడిపోతది. రెండోది కూడా 4.27 దగ్గరే ఉంటది, దాదాపు కదలదు. తొమ్మిది మందితో వచ్చిన 5.0 అంటే ఇంకా ఏమీ తెలియలేదని అర్థం, గొప్ప షాపు అని కాదు. తొమ్మిది మంది ఓనర్ చుట్టాలే కావొచ్చు.

రివ్యూ చదవడానికి కూడా ఒక హద్దు ఉంది. అది షాపు గుణం చెప్తది, మన చేతికొచ్చే లాప్‌టాప్ గుణం చెప్పదు. అందుకే నాచారం పోయినంక కూడా పైసలు తీసే ముందు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఒక్క లైన్ కొట్టినం:

```
powercfg /batteryreport
```

అది ఒక ఫైల్ తయారుచేసి ఎక్కడ పెట్టిందో చెప్తది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే "DESIGN CAPACITY" అని కంపెనీ చేసినప్పటి బ్యాటరీ బలం, "FULL CHARGE CAPACITY" అని ఇప్పటి బలం కనిపిస్తయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎంత మిగిలిందో తెలుస్తది. మాకు 58 శాతం వచ్చింది. ఓనర్‌కు చూపిస్తే గొణుక్కుంటూనే వేరే బ్యాటరీ వేసి ఇచ్చిండు, బిల్లు మీద "బ్యాటరీ మూడు నెలలు" అని రాయించుకున్నం. మొత్తం 17,500. మంచి షాపులో కూడా పాత బ్యాటరీ ఉంటది. తేడా ఏందంటే, చూపించినప్పుడు మార్చిండు.

ఇప్పుడు మూడో వాదన. "ఎవరి సొమ్ము పోయింది?"

మన ఏజెన్సీ సంతల కథ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఇప్పపువ్వు, చింతపండు, జిగురు మోసుకుని పోతే షావుకారు తక్కెడ పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించి తూచేవాడని చెప్తరు. ఆ తూకాల బాధ పడలేకనే కదా, 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టి సర్కారే సరుకు కొనాల్సి వచ్చింది. ఇయ్యాల సంతలో తక్కెడ ఎట్లనో, సిటీలో రేటింగ్ అట్ల. ఊరు తెలియని, బంధువులు లేని, షాపోడిని ఎరిగిన మామయ్య లేని పిల్లకు పిల్లగానికి అదొక్కటే తూకం. సిటీలో పుట్టినోడికి తోడు వచ్చే చుట్టం ఉంటడు, పారడైజ్ దగ్గర సీటీసీలో తెలిసినోడు ఉంటడు. మనకు ఆ అంకె తప్ప ఎవరున్నరు? యాభై రూపాయలకు ఫైవ్ స్టార్ కొట్టేవాడు ఆ తక్కెడ కిందనే చింతపండు అంటిస్తున్నడు. సొమ్ము పోయేది ఎవరిదంటే, వచ్చే ఏడు వరంగల్ బస్సు దిగి ఉప్పల్‌లో లాప్‌టాప్ వెతుక్కునే మన చెల్లెలిది.

ఆ యాభై కూడా ఎక్కడికి తీసుకుపోతదో వినండి. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నరు. తొమ్మిది మంది అరెస్టు, దేశం మొత్తం మీద పదిహేను వేల మంది బాధితులు, 712 కోట్ల రూపాయలు. చిక్కడపల్లికి చెందిన ఒకాయన 28 లక్షలు పోగొట్టుకుని ఫిర్యాదు చేస్తే కేసు బయటపడింది. మొదలైంది ఎట్లనో తెలుసా? టెలిగ్రామ్‌లో "రేటింగ్, రివ్యూ ఇచ్చే పార్ట్‌టైమ్ పని" అని. ముందు చిన్న పనికి చిన్న లాభం నిజంగానే చూపిస్తరు. నమ్మకం కుదిరినాక "ఇంత కడితే ఇంత వస్తది" అని పెద్ద టాస్కులు ఇస్తరు. తెర మీద లాభం పెరుగుతూ కనిపిస్తది, తీసుకోబోతే ఇంకా కట్టమంటరు. రివ్యూ పనికి డబ్బిస్తామనే ప్రతి మెసేజ్ ఈ ముఠాదే అని మేము అనం. కానీ రెండింటి మెసేజ్ ఒకే తీరుగా ఉంటది. ఏది ఏదో మొదటి రోజు చెప్పగలిగే మొనగాడు మనలో లేడు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

"చట్టం ఏం చేస్తోంది" అని అడిగేవాళ్లకు కూడా జవాబు ఉంది. 2022 నవంబర్‌లో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం IS 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బిచ్చి కొన్న రివ్యూలు, అందుకోసమే పెట్టుకున్న మనుషులతో రాయించిన రివ్యూలు ప్రచురించొద్దని అందులో ఉంది. కానీ దాన్ని కంపెనీలు ఇష్టముంటే పాటించేదిగానే తెచ్చిన్రు. గూగుల్ 2023 ఒక్క ఏడాదిలోనే నియమాలకు విరుద్ధమైన 17 కోట్లకు పైగా రివ్యూలు ఆపినం, తీసేసినం అని చెప్పింది. అన్ని తీసినా మా ఉప్పల్ షాపు 150 అక్కడే ఉన్నయి. పైనుంచి ఎవరో ఊడ్చి శుభ్రం చేస్తరని కూర్చుంటే మన కొనుగోలు ఆగదు కదా. మోసపోయినోళ్లు మాత్రం ఊరుకోవద్దు: 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు లేదు. బిల్లు ఉండాలి. "బిల్లు లేకుంటే వెయ్యి తగ్గిస్త" అన్నోడు ఆ వెయ్యికి మన నోరు కొంటున్నడు.

అందుకని గ్రూప్‌లో మా డిమాండ్లు రెండే. అడ్మిన్ అన్నలు "రివ్యూ రాయి, డబ్బు తీసుకో" లింకులు ఎవరు పెట్టినా, మనోడే పెట్టినా, వెంటనే తీసేయాలి. రెండోది, షాపు పేరు చెప్పేవాళ్లు ఇకమీద రేటింగ్ స్క్రీన్‌షాట్ పెట్టడం ఆపాలి. దాని బదులు ఐదు ముక్కలు రాయండి: ఏం కొన్నరు, ఎంతకు, ఎన్ని నెలలైంది, ఏం చెడిపోయింది, అప్పుడు షాపోడు ఏం చేసిండు. ఏమీ చెడిపోకపోతే "ఇంకా ఏమీ చెడలేదు, రెండు నెలలే అయింది" అని రాయండి. అట్ల రాసిన పది పోస్టులు ఆ రెండు వందల నలభై రివ్యూల కన్నా బరువైనవి.

నాచారం లాప్‌టాప్ కొని ఇప్పటికి ఐదు వారాలు. డిసెంబర్‌లో బ్యాటరీ రిపోర్ట్ మళ్లీ తీసి, ఎంత వస్తే అంత, మంచైనా చెడైనా ఇదే పోస్టు కింద పెడతం. ఒప్పుకోని అన్నలు కింద రాయండి, జవాబు ఇస్తం.